జూన్ నుంచి దసరా దాకా: బడి ఆవరణలో వాన లెక్కలు

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కోష్ఠాగారం, అంటే రాజుగారి ధాన్యపు కొట్టు, ముందు వాన కొలిచే పాత్ర ఒకటి పెట్టమని ఉంది. దాని మూతి ఒక అరత్ని, అంటే సుమారు మూరెడు వెడల్పు ఉండాలట. ఏ దేశంలో ఎంత వాన పడుతుందో చెప్పే పట్టికలో అశ్మక దేశం పేరు కూడా కనిపిస్తుంది. అశ్మకం మన గోదావరి తీరమేననీ, నిజామాబాద్ జిల్లా బోధనే దాని రాజధాని అనీ చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. ఆ పుస్తకం పాత్ర లోతు గురించి కాక మూతి వెడల్పు గురించి పట్టింపుగా చెప్పడం గమనించదగ్గ విషయం. వాన కొలతలో అసలు కిటుకంతా మూతిలోనే ఉంది.

మిల్లీమీటరు వాన అంటే ఎన్ని నీళ్లు?

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. ఈ ఒక్క లెక్క తెలిస్తే వర్షమాపకం ఇంట్లోనే తయారవుతుంది. నూనె పోసుకునే ప్లాస్టిక్ గరాటు ఒకటి, అయిదు లీటర్ల ఖాళీ డబ్బా ఒకటి చాలు. గరాటు మూతి అడ్డుకొలత లోపలి అంచు నుంచి లోపలి అంచుకు 12 సెంటీమీటర్లు ఉందనుకోండి. దాని వైశాల్యం 113 చదరపు సెంటీమీటర్లు. అంటే డబ్బాలో చేరిన ప్రతి 11.3 మిల్లీలీటర్ల నీళ్లు ఒక మిల్లీమీటరు వాన. పొద్దున డబ్బా వంపితే 271 మిల్లీలీటర్లు వచ్చాయా, దాన్ని 11.3తో భాగించండి: 24 మిల్లీమీటర్లు. నీళ్లు కొలవడానికి బడి ప్రయోగశాలలోని కొలజాడీ మేలు. అది లేకపోతే మందుల షాపులో దొరికే పెద్ద సిరంజి సరిపోతుంది.

కూల్‌డ్రింక్ సీసా కోసి, దానికి స్కేలు అంటించి కొలిచే పద్ధతి చాలా పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. నాకు అది నచ్చదు. ఆ సీసాల అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి స్కేలు మీద సున్నా ఎక్కడ మొదలవుతుందో తేలదు. చిన్న వానల్లో ఆ తప్పే అసలు కొలతను మింగేస్తుంది. నీళ్లను విడిగా కొలిస్తే డబ్బా ఏ ఆకారంలో ఉన్నా ఇబ్బంది లేదు. గరాటు మూతిని మాత్రం జాగ్రత్తగా కొలవాలి. 12 సెంటీమీటర్లను పొరపాటున 11.5 అని రాసుకుంటే, ఆ టర్మంతా ప్రతి వాన తొమ్మిది శాతం దాకా ఎక్కువగా కనిపిస్తుంది.

అయిదు లీటర్ల డబ్బా ఎందుకంటారా? హైదరాబాద్ బేగంపేటలో 2000 ఆగస్టు 24న నమోదైన వాన 241.5 మిల్లీమీటర్లు. మన గరాటు కింద అది 2.7 లీటర్లు, రెండు లీటర్ల సీసా అయితే పొంగిపోయేది. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఆ వాన ముందు మన అయిదు లీటర్ల డబ్బా కూడా చాలదు. అంతటి వాన పడుతున్నప్పుడు మధ్యలో ఒకసారి వంపి కొలిచి, రెండు కొలతలూ కలుపుకోవడం ఒక్కటే దారి.

వేపచెట్టు కింద ఎందుకు పెట్టకూడదు?

చెట్టు కొంత వానను ఆపుకుంటుంది, ఆపైన ఆకుల మీది నీళ్లు వాన వెలిశాక కూడా కారుస్తుంది. ఆరు మీటర్ల చెట్టు ఉంటే డబ్బాను కనీసం పన్నెండు మీటర్ల దూరంలో పెట్టాలి. గరాటు అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే కింద పడిన చినుకులు ఎగిరి లోపలికి పడవు. డాబా మీద పెడితే గాలి ఎక్కువ. గాలి చినుకులను గరాటు మీదుగా ఎగరగొట్టేస్తుంది కాబట్టి అక్కడ కొలత తక్కువగా వస్తుంది. డబ్బాను ఇటుకల మధ్య బిగించి మట్టినేల మీద పెట్టడమే మంచిది.

నీళ్లు ఆవిరైపోతున్నాయేమోనని అనుమానం ఉంటే పొడిగా ఉన్న ఒక శనివారం డబ్బాలో 50 మిల్లీలీటర్లు పోసి వెళ్లండి. సోమవారం పొద్దున ఎన్ని మిగిలాయో చూస్తే అనుమానం తీరుతుంది. ఆదివారం ఎవరూ కొలవకపోతే సోమవారం వచ్చిన నీళ్లను రెండు రోజులకు సగం సగం పంచకండి. ‘రెండు రోజుల మొత్తం’ అనే రాయండి. వాన పడని రోజున సున్నా, కొలవని రోజున గీత. ఈ రెండూ కలిసిపోతే పుస్తకం ఎందుకూ పనికిరాదు.

జూన్‌లో ఉత్తరపు గోడకూ ఎండ తగులుతుంది

థర్మామీటరును ఉత్తరం వైపు గోడకు తగిలించమని చాలా పుస్తకాలు చెబుతాయి. మన దగ్గర ఆ మాట టర్ము మొదట్లో పనికిరాదు. హైదరాబాద్ సుమారు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. విజయవాడ, విశాఖపట్నాల్లోనూ కొద్ది రోజుల తేడాతో ఇదే పరిస్థితి. కాబట్టి జూన్, జులైలలో ఆ ఉత్తరపు గోడ మీదే ఎండ పడుతుంది. పైగా పగలంతా కాగిన గోడ రాత్రికి వేడి వదులుతూ కనిష్ఠ ఉష్ణోగ్రతను కూడా పెంచుతుంది. మీ కనిష్ఠం వాతావరణ కేంద్రం చెప్పేదానికంటే రోజూ రెండు మూడు డిగ్రీలు ఎక్కువగా వస్తుంటే, ముందుగా గోడనే అనుమానించండి.

ఇందుకు బదులు కుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ పళ్లేలు ఓ ఆరేడు తీసుకోండి. పై పళ్లెం తప్ప మిగతావాటికి నడుమ రంధ్రం చేయండి. గాలి ఆడేలా వాటి మధ్య సందులు వదిలి, బోర్లించి ఒకదాని మీద ఒకటి కర్రకు బిగించండి. లోపల గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటరు వేలాడాలి. అది నేలకు మీటరున్నర ఎత్తులో ఉంటే చాలు.

ఎక్కువ వాన పడిన రోజే ఎక్కువ చల్లగా ఉంటుందా?

ఈ టర్ములో పిల్లలు చేయదగ్గ ప్రాజెక్టుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ ప్రశ్న మీదే నిలుస్తుంది. వాన ఎంత ఎక్కువైతే పగటి వేడి అంత తగ్గుతుందని అందరూ అనుకుంటాం. గ్రాఫు గీస్తే చుక్కలు చెల్లాచెదురుగా పడతాయి.

ఎందుకో ఉదాహరణకు రెండు రోజులు తీసుకుని చూద్దాం. ఒక మంగళవారం పొద్దుటి నుంచి ఎండ కాసింది. రెండున్నరకు 34.5 డిగ్రీలకు చేరింది. సాయంత్రం అయిదింటికి ఉరుములతో కుండపోత, 24 మిల్లీమీటర్లు. మర్నాటి ఉదయానికి కనిష్ఠం 22.5. ఇంకో వారంలో ఒక రోజంతా ముసురు పట్టింది. వాన మొత్తం ఆరు మిల్లీమీటర్లే. గరిష్ఠం మాత్రం 26 దాటలేదు, కనిష్ఠం 22. నాలుగో వంతు వాన పడిన రోజే ఎనిమిదిన్నర డిగ్రీలు చల్లగా ఉంది.

పగటి వేడిని తగ్గించేది ప్రధానంగా ఎండను అడ్డుకునే మబ్బు. ముసురు రోజున మబ్బు పొద్దున్నుంచీ కమ్ముకునే ఉంటుంది. సాయంత్రపు ఉరుముల వాన వచ్చేసరికి ఆ రోజు గరిష్ఠం ఎప్పుడో నమోదైపోయింది. అదే మబ్బు రాత్రిపూట నేల వేడిని పైకి పోనివ్వదు కాబట్టి ముసురు రోజున గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా నాలుగు డిగ్రీలకు పడిపోయింది. మంగళవారం అది పన్నెండు. ఈ తేడాకు పుస్తకంలో ఒక గడి కేటాయించండి. మబ్బు కొలిచే పరికరం లేకపోయినా మబ్బు జాడ ఆ గడిలో కనిపిస్తుంది.

మరో గడి వాన పడిన వేళకు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. సాయంత్రం, రాత్రి వానలు ఒక రంగులో, పగటి వానలు ఇంకో రంగులో పెట్టి గ్రాఫు మళ్లీ గీయండి. ఇందాక చెల్లాచెదురుగా ఉన్న చుక్కలు రెండు గుంపులుగా విడిపోవడం మొదలవుతుంది.

ఉదయం ఎనిమిదిన్నర మెలిక

భారత వాతావరణ శాఖకు వాన రోజు ఉదయం 8.30కు ముగుస్తుంది. మంగళవారం సాయంత్రం పడిన వాన బుధవారం తేదీన నమోదవుతుంది. మంగళవారం గరిష్ఠం మాత్రం మంగళవారం పేరుతోనే పేపర్లో వస్తుంది. ఈ సంగతి తెలియకుండా రెండు పట్టికలనూ తేదీల ప్రకారం పక్కపక్కన పెడితే, కుండపోతకు మర్నాటి వేడి జతపడుతుంది. మీరు రోజూ ఎనిమిదిన్నరకే డబ్బా వంపి, థర్మామీటరు గుర్తులను మళ్లీ మొదటికి తెచ్చుకోండి. అప్పుడు ఒక్కో వరసలో అవే 24 గంటల వాన, గరిష్ఠం, కనిష్ఠం ఉంటాయి. అధికారిక లెక్కతో సరిచూసుకునేటప్పుడు మాత్రం మీ వరసలోని గరిష్ఠాన్ని ముందు రోజు గరిష్ఠంతో పోల్చాలి.

కార్తెల వారీగా కూడితే

మృగశిర జూన్ 8 ప్రాంతంలో మొదలవుతుంది, ఆరుద్ర 22 ప్రాంతంలో. ఒక్కో కార్తె సుమారు పద్నాలుగు రోజులు. బడులు తెరిచేది జూన్ రెండో వారం కాబట్టి మృగశిర కొంత పోయినా, ఆరుద్ర నుంచి ఉత్తర దాకా ఏడు కార్తెలు పూర్తిగా దొరుకుతాయి. ఒక్కో కార్తెలో మొత్తం వాన ఎంతో, రెండున్నర మిల్లీమీటర్లు లేదా అంతకు మించి పడిన రోజులు ఎన్నో రాయండి. వాతావరణ శాఖ వర్షపు రోజుగా లెక్కించేది అలాంటి రోజునే. ఆరుద్రలో విత్తిన రైతుకు మొత్తం ఎంత ముఖ్యమో, మధ్యలో వచ్చే వాన లేని వరస రోజులు కూడా అంతే ముఖ్యం. రెండు కార్తెల మొత్తం సమానంగా ఉన్నా ఒకదాంట్లో పది రోజుల ఎడం ఉండొచ్చు. అందుకని అతి పొడవైన ఎడం కూడా రాసుకోవాలి.

‘మా ఊళ్లో వాతావరణం మారిపోయింది’ అనే తీర్మానాన్ని మాత్రం ఈ పుస్తకం ఆధారంగా రాయకూడదు. ఉష్ణోగ్రతల సాధారణ సగటు లెక్కకు ముప్పై ఏళ్లు కావాలి. ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020 వరకు. మీ టర్ము మొత్తాన్ని జిల్లా సాధారణ వర్షపాతంతో పోల్చవచ్చు. 19 శాతం అటూ ఇటూ ఉంటే వాతావరణ శాఖ దాన్ని సాధారణం అనే అంటుంది.

పక్క వీధిలో వేరే వాన

ముగ్గురు పిల్లల ఇళ్ల దగ్గర మూడు డబ్బాలు పెడితే మరో ప్రాజెక్టు సిద్ధం. ఇళ్లకు పంపే ముందు మూడింటినీ ఒక వారం బడిలో పక్కపక్కన పెట్టి కొలవండి. అక్కడే తేడా వస్తే అది గరాటుల తేడా. దాన్ని సరిచేశాక ఇళ్ల మధ్య కనిపించేదే వాన తేడా. జూన్, సెప్టెంబరు ఉరుముల వానలు కిలోమీటరు దూరంలోనే సగానికి సగం మారిపోవచ్చు. జులై, ఆగస్టుల్లో బంగాళాఖాతం వాయుగుండం తెచ్చే ముసురులో మూడు డబ్బాలూ దాదాపు ఒకే మాట చెబుతాయి.