ఈ చక్రం ఎవరిది?

చక్రం బొమ్మ చూపించి ‘ఇది ఏ మతానికి గుర్తు?’ అని అడగండి. ఒక పిల్ల బుద్ధుడిదంటుంది, ఇంకొకడు విష్ణుమూర్తిదంటాడు, మరొకరు జెండాలోదంటారు. ముగ్గురూ సరిగ్గానే చెప్పారు. తేడా ప్రశ్నలోనే ఉంది. శిలువ, తామర, చక్రం, నెలవంకలతో క్విజ్ చేసేటప్పుడు గుర్తును దాని చోటు నుంచి కత్తిరించి తెల్లకాగితం మీద అతికిస్తే, జవాబు చెప్పే ఆధారం కూడా కత్తెర పాలవుతుంది.

అందుకే ఒక్కో బొమ్మకు రెండు కార్డులు చేయాలి. మొదటి దాంట్లో చక్రం ఒక్కటే, రెండో దాంట్లో పూర్తి దృశ్యం. మొదటిది చూసి పిల్లలు ఊహిస్తారు. రెండోది చూశాక మాట మార్చుకోవచ్చు, కానీ ఏం చూసి మార్చుకున్నారో వేలు పెట్టి చూపాలి. మార్కు దానికే.

అమరావతి స్తూపపు శిల్పాలతో మొదలుపెట్టవచ్చు. వాటిలో ఒక రకం దృశ్యంలో స్తంభం మీద చక్రం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన జనం ఉంటారు. బుద్ధుడు కనిపించడు. ఆయన ఉన్నాడని చెప్పేది ఆ చక్రమే. కొన్ని బౌద్ధ శిల్పాల్లో చక్రానికి అటూ ఇటూ జింకలుంటాయి. బుద్ధుడు తొలి బోధ చేసిన సారనాథ్ జింకల వనానికి అవి గుర్తు. అదే చక్రం నాలుగు చేతుల మూర్తి చేతిలో, మరో చేతిలో శంఖంతో కనిపిస్తే అది విష్ణువు సుదర్శనం.

ఇప్పుడు కాస్త చిక్కు ప్రశ్న. జెండాలోని చక్రానికి 24 ఆకులు. కోణార్క సూర్యాలయానికి 24 చక్రాలు. అంకె ఒకటే కదా అని రెండింటినీ కలిపేసే పిల్లలుంటారు. రెండో కార్డు చూపితే తేలిపోతుంది: కోణార్కలో గుడి మొత్తం సూర్యుడి రథం, అవి దాని బండిచక్రాలు. జెండాలోది సారనాథ్ అశోక స్తంభం నుంచి తీసుకున్నది, 1947లో జాతీయ పతాకం మీదికి వచ్చింది.

నెలవంకకూ ఇదే పద్ధతి. మినారు కొసన ఉంటే మసీదు, జటాజూటంలో ఉంటే శివుడు. శిలువ దగ్గర మాత్రం ఒక కార్డు ప్రత్యేకంగా కలపాలి: తెల్లటి నేల మీద నాలుగు చేతులూ సమానంగా ఉన్న ఎర్ర గుర్తు. ఇది చర్చిది కాదు. యుద్ధంలో గాయపడినవారికి వైద్యం చేసేవారిని గుర్తుపట్టడానికి 1864 జెనీవా ఒప్పందం స్విస్ జెండా రంగుల్ని తారుమారు చేసి తీసుకున్నది. అయినా ఒట్టోమన్ సైన్యం అందులో క్రైస్తవ చిహ్నాన్నే చూసి, బదులుగా ఎర్ర నెలవంక వాడింది. గీసినవాళ్ల ఉద్దేశం ఒకటి, చూసినవాళ్లకు తోచింది ఇంకొకటి.

మొదటి కార్డు జవాబుల్లో ‘ఒకటి కంటే ఎక్కువ’ అన్న గడి తప్పక ఉంచండి. చక్రం ఒక్కటే కనిపిస్తున్నప్పుడు ఆ గడిలో టిక్కు పెట్టిన పిల్లకు పూర్తి మార్కు ఇవ్వాలి.