కూలింగ్ టవర్ తాగే నీరెంత?

కూలింగ్ టవర్ పైన కనిపించే ఆవిరి శుద్ధమైన నీరు. దాంతో వచ్చిన ఉప్పులు మాత్రం కింద తొట్టిలోనే మిగిలిపోతాయి. పాయసం మరిగేకొద్దీ చిక్కబడినట్టు నీరూ చిక్కబడుతుంది. కొత్తగా పోసే నీటికంటే తొట్టి నీరు ఎన్ని రెట్లు చిక్కగా ఉందో ఆ సంఖ్యే 'సైకిల్స్'.

గంటకు 1,000 ఘనపు మీటర్ల నీరు తిరుగుతూ 10 డిగ్రీలు చల్లబడే టవర్‌లో సుమారు 15 ఘనపు మీటర్లు ఆవిరవుతుంది. ఈ 15ను సైకిల్స్‌లో ఒకటి తగ్గించిన సంఖ్యతో భాగిస్తే బయటికి వదలాల్సిన నీరు, అంటే బ్లోడౌన్, వస్తుంది. తుంపర్లుగా ఎగిరిపోయేదీ ఇందులోనే. 3 సైకిల్స్ దగ్గర బ్లోడౌన్ 7.5, కొత్త నీరు 22.5. 5కి పెంచితే కొత్త నీరు 18.75కు దిగుతుంది. 10కి లాగినా 16.7 కావాల్సిందే! అక్కడ ఆదా కొంచెం, ముప్పు ఎక్కువ.

ముప్పంటే పొలుసు. వచ్చే నీటిలో లీటరుకు 30 మిల్లీగ్రాముల సిలికా ఉంటే 5 సైకిల్స్‌కే 150 అవుతుంది. చాలా ప్లాంట్లు ఆ దరిదాపుల్లోనే ఆగుతాయి. పొలుసు కడుతోందని ముందే పట్టుకోవచ్చు. క్లోరైడ్ 5 రెట్లు పెరిగి, కాల్షియం 4 రెట్లే పెరిగిందంటే తక్కిన కాల్షియం గొట్టాలకు అంటుకుంటోందని అనుమానించాలి. అయితే బ్లీచింగ్ వాడేచోట క్లోరైడ్ దానివల్లా పెరుగుతుంది. అలాంటిచోట మెగ్నీషియంతో పోల్చుకోండి.