సున్నా నెలనూ లెక్కలో వేయాల్సిందే

విజయవాడలో కార్ల షోరూంలో సేల్స్ చేసే ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. చేతికొచ్చే స్థిర జీతం నెలకు 30,000. ఆపైన ఇన్సెంటివ్. దసరా, దీపావళి సీజన్‌లో అది ఎంత ఎగురుతుందో, మూఢం నెలల్లో అంతగా పడిపోతుంది. ఇంటి రుణం కోసం బ్యాంకుకు వెళ్తే ఫారంలో మొదటి ప్రశ్నే ఇబ్బంది పెడుతుంది: నెలసరి ఆదాయం ఎంత?

ఏప్రిల్ నుంచి మార్చి దాకా అతని ఇన్సెంటివ్‌లు ఇలా ఉన్నాయనుకుందాం: 0, 4,000, 6,000, 0, 5,000, 9,000, 38,000, 22,000, 0, 12,000, 6,000, 18,000. మొత్తం 1,20,000. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇన్సెంటివ్ వచ్చిన నెలలు తొమ్మిదే కదా అని తొమ్మిదితో భాగిస్తే 13,333 వస్తుంది. కానీ ఇల్లు గడవాల్సింది పన్నెండు నెలలూ. ఈఎంఐ కట్టాల్సిందీ అన్ని నెలలూ. కాబట్టి పన్నెండుతోనే భాగించాలి. సగటు 10,000.

డిసెంబరులో దరఖాస్తు చేసి, వెనకటి మూడు నెలల పే స్లిప్పులు మాత్రమే చూపిస్తే ఇన్సెంటివ్ సగటు 23,000 అవుతుంది. మనిషి అతనే, ఉద్యోగం అదే, కానీ లెక్క రెట్టింపు దాటింది. మారే ఆదాయం ఉన్నవాళ్లను ఏడాది స్టేట్‌మెంట్ అడగడం వెనకున్న కారణం ఇదే.

ఇక ఆ 10,000 కూడా పూర్తిగా లెక్కకు రాకపోవచ్చు. స్థిర జీతాన్ని మొత్తంగా, ఇన్సెంటివ్ సగటులో కొంత భాగాన్నే తీసుకునే బ్యాంకులున్నాయి. ఆ భాగం ఎంతన్నది ఒక్కో బ్యాంకుది ఒక్కో పద్ధతి. సగం తీసుకున్నారనుకుంటే ఆదాయం 35,000. ఈఎంఐలన్నీ కలిపి అందులో సగం మించకూడదన్నది ఆ బ్యాంకు నియమమైతే, 17,500 దాకా వీలుంటుంది. బైకు రుణానికి ఇప్పటికే 3,500 కడుతున్నాడు గనుక మిగిలేది 14,000. తొమ్మిది శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువుకు లక్షకు సుమారు 900 ఈఎంఐ పడుతుంది. అంటే దాదాపు పదిహేనున్నర లక్షల రుణం. డిసెంబరు లెక్కనే నమ్ముకుని, 53,000 ఆదాయమని సగం ఈఎంఐకి వేసుకుని ఉంటే, ఇరవై అయిదు లక్షలు దాటిన ఇంటికి అడ్వాన్సు ఇచ్చేసి ఉండేవాడు.

లెక్క వేసేముందు ఖాతాలో జమలను విడదీయడం మరో ముఖ్యమైన పని. కస్టమర్ ఇళ్ల చుట్టూ తిరిగినందుకు ఇచ్చే పెట్రోలు డబ్బు ఆదాయం కాదు, ఖర్చు తిరిగి రావడం. అది ఇన్సెంటివ్‌తో కలిసి ఒకే జమగా పడితే సగటు అబద్ధంగా పెరుగుతుంది. పే స్లిప్పులో ఉన్న ఇన్సెంటివ్ టీడీఎస్ కోతకు ముందుదా, తర్వాతదా అన్నదీ చూడాలి. ఏడాది పే స్లిప్పులను కూడి, ఫామ్-16తో సరిపోల్చితే తేడా బయటపడుతుంది. తేడా ఉంటే కంపెనీ హెచ్‌ఆర్ దగ్గర నెలవారీ ఇన్సెంటివ్ వివరాలతో లెటర్ తీసుకుని దరఖాస్తుకు జతచేయాలి.