జూన్ పే స్లిప్‌లో లేని లైను

జూన్ 30న జీతం పడింది. బ్యాంకు మెసేజ్‌లో అంకె చూడగానే ఆమెకు తేడా తెలిసిపోయింది. ఎప్పటి జీతమే వచ్చింది. పే స్లిప్ తెరిస్తే బేసిక్ ఉంది, హెచ్ఆర్ఏ ఉంది, ప్రతి జూన్‌లో కనబడే ‘వేరియబుల్ పే’ లైను లేదు. హెచ్ఆర్‌కు మెయిల్ పెడితే ఒక్క వాక్యం తిరిగొచ్చింది: ‘మీరు నోటీసు పీరియడ్‌లో ఉన్నందున పాలసీ ప్రకారం అర్హత లేదు.’

ఆమె హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్ లీడ్. 2025 జూన్ 16న పేపర్స్ పెట్టింది. అరవై రోజుల నోటీసు, ఆగస్టు 14 చివరి రోజు. జులై మొదటి వారంలో నా దగ్గరికి వచ్చింది. ఉద్యోగ ఒప్పందాల తగాదాలే నేను ఎక్కువగా చూస్తుంటాను. చేతిలో రెండు పేజీల లేఖ ఉంది. మొదటి పేజీ అంతా ఆ ఏడాది ఆమె పడ్డ కష్టం: శని ఆదివారాల పని, పండగ పూట రాత్రి రెండింటిదాకా సాగిన రిలీజ్, చంటిపిల్లను అత్తగారి దగ్గర వదిలి ఆఫీసుకు వెళ్లిన రోజులు. రెండో పేజీలో మేనేజర్ అన్యాయం. చివర్లో కోర్టుకు వెళ్తానన్న మాట.

‘ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు సార్’ అంది.

కాదని నాకూ తెలుసు. కానీ ఆమె బాగా పని చేసిందా లేదా అన్నది ఇక్కడ తగాదాయే కాదు. ఆ ప్రశ్నకు కంపెనీ అప్పటికే సంతకం పెట్టి జవాబిచ్చేసింది, ఆ జవాబు పేరే అప్రైజల్ లెటర్. కష్టం గురించి రెండు పేజీలు రాస్తే, తేలిపోయిన విషయాన్ని మనమే మళ్లీ చర్చకు పెట్టినట్టవుతుంది. ‘ఆ రిలీజ్‌లో లోపాలు వచ్చాయి కదా’ అని వాళ్లు మొదలుపెట్టడానికి దారి మనమే ఇచ్చినట్టు. అందుకే ఆ లేఖ పక్కన పెట్టి, ముందు కాగితాలు చూపించమ్మా అన్నాను.

ఏప్రిల్ 28 నాటి అప్రైజల్ లెటర్‌లో మూడు విషయాలున్నాయి. 2024-25 సంవత్సరానికి రేటింగ్ 4, అంటే అంచనాలను మించి. వేరియబుల్ పే 2,67,300 రూపాయలుగా ఆమోదించాం, జూన్ జీతంతో చెల్లిస్తాం అన్నది రెండోది. మూడోది చిన్న అక్షరాల్లో: ఈ చెల్లింపు వేరియబుల్ పే పాలసీకి లోబడి ఉంటుంది. చాలామంది మొదటి రెండూ చూసి మురిసి, మూడోది చదవరు. మొత్తం కథ దాని మీదే నడుస్తుంది. అంకె అప్రైజల్ లెటర్‌లో ఉంటే, ఆ అంకె ఎవరికి దక్కుతుందన్న షరతు పాలసీలో ఉంటుంది. రెండూ కలిపి చదివితేనే హక్కు ఉందో లేదో తెలుస్తుంది.

అదృష్టవశాత్తూ అదే మెయిల్‌కు పాలసీ కాపీ కూడా జత చేసి పంపారు. మూడో వర్షన్, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలు. 6.2 క్లాజు తెలుగులో చెబితే ఇంతే: ‘చెల్లింపు తేదీ నాటికి ఉద్యోగి కంపెనీ రోల్స్‌లో ఉండాలి.’ నోటీసు పీరియడ్ ఊసే లేదు. నోటీసులో ఉన్న మనిషి రోల్స్‌లో ఉన్నట్టే లెక్క. జీతం వస్తోంది, పీఎఫ్ కడుతున్నారు, ఐడీ కార్డు మెడలో ఉంది.

మరి హెచ్ఆర్ చెప్పిన పాలసీ ఏది? కంపెనీ ఇంట్రానెట్‌లో చూడమన్నాను. అక్కడ నాలుగో వర్షన్ ఉంది. 6.2 చివర కొత్తగా నాలుగు మాటలు చేర్చారు: ‘నోటీసు పీరియడ్‌లో ఉండరాదు.’ అమలు తేదీ 2025 జులై 1. అంటే ఆమె బోనస్ చెల్లించాల్సిన గడువు దాటిన మర్నాడు పుట్టిన నిబంధన అది. ఇందులో కుట్ర ఉండకపోవచ్చు. జవాబిచ్చిన హెచ్ఆర్ ఉద్యోగి తన తెర మీద కనబడిన పాలసీనే చూసి రాసి ఉంటారని నా అనుమానం. పెద్ద కంపెనీల్లో ఇలాంటి తగాదాలు చాలావరకు ఇక్కడే పుడతాయి. ఏ సంవత్సరపు పనికి ఏ వర్షన్ వర్తిస్తుందో ఎవరూ సరిచూడరు.

రెండో లేఖకు ఒక పూట పట్టింది. ఇంగ్లిష్‌లోనే పంపింది, సారాంశం తెలుగులో ఇస్తున్నాను.

‘విషయం: 2024-25 వేరియబుల్ పే 2,67,300 రూపాయలు చెల్లించకపోవడం.

2025 ఏప్రిల్ 28 నాటి అప్రైజల్ లెటర్ ద్వారా నాకు పై మొత్తాన్ని ఆమోదించారు. జూన్ జీతంతో చెల్లిస్తామని తెలిపారు. జూన్ 30 నాటి పే స్లిప్‌లో ఈ మొత్తం లేదు. నేను నోటీసు పీరియడ్‌లో ఉన్నందున అర్హత లేదని జులై 2న మీ మెయిల్‌లో తెలిపారు.

ఏప్రిల్ 28 నాటి మీ మెయిల్‌కు జత చేసిన పాలసీ, మూడో వర్షన్, 6.2 క్లాజు ప్రకారం ఉండాల్సిన షరతు ఒకటే: చెల్లింపు తేదీ నాటికి రోల్స్‌లో ఉండటం. జూన్ 30న నేను రోల్స్‌లో ఉన్నాను. నా చివరి పని దినం ఆగస్టు 14. నోటీసు పీరియడ్‌కు సంబంధించిన షరతు నాలుగో వర్షన్‌లోది. అది జులై 1 నుంచి అమలు.

4.1 క్లాజు ప్రకారం లెక్క: టార్గెట్ 2,70,000 రూపాయలు. నా పనితీరుకు 110 శాతం. కంపెనీ పనితీరుకు 90 శాతం. మొత్తం 2,67,300.

ఈ మొత్తాన్ని జులై జీతంతో చెల్లించగలరు. చెల్లించడం కుదరదంటే, ఏ వర్షన్‌లోని ఏ క్లాజు ఆధారంగానో జులై 23 లోగా రాతపూర్వకంగా తెలుపగలరు.’

అంతే. కోపం లేదు, కన్నీళ్లు లేవు, కోర్టు మాట లేదు. ఆ చివరి వాక్యం మీదే నాకు గట్టి నమ్మకం. ‘పాలసీ ప్రకారం’ అనడం ఎవరికైనా తేలిక. ‘ఏ వర్షన్, ఏ క్లాజు’ అని అడిగితే ఎవరో ఒకరు ఫైలు తెరిచి చదవాల్సిందే. చదివితే నిజం వాళ్లకే కనబడుతుంది.

లెక్క ఎందుకు రాయించానో కూడా చెప్పాలి. 2,70,000ను 110 శాతంతో గుణిస్తే 2,97,000. దాన్ని 90 శాతంతో గుణిస్తే 2,67,300. అప్రైజల్ లెటర్‌లోని అంకెతో రూపాయి తేడా లేకుండా సరిపోయింది. ఆ మొత్తం ఎవరో దయతలచి వేసిన అంకె కాదనీ, పాలసీలోని సూత్రం నుంచి వచ్చిందనీ దీంతో రుజువవుతుంది. ‘ఇది మేం ఇష్టపూర్వకంగా ఇచ్చేది’ అన్న వాదన అక్కడే బలహీనపడుతుంది.

ఆ వాదన వస్తుందని ఎదురుచూశాను, వచ్చింది. జులై 21న జవాబు: 9వ క్లాజు ప్రకారం పాలసీని తన విచక్షణతో ఎప్పుడైనా మార్చే, రద్దు చేసే హక్కు యాజమాన్యానికి ఉందని. అలాంటి క్లాజు దాదాపు ప్రతి కంపెనీ పాలసీలోనూ ఉంటుంది. దాన్ని చూసి చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ పాలసీని మార్చే హక్కు వేరు, మార్చకముందే ఆమోదించి గడువు కూడా దాటిపోయిన మొత్తాన్ని ఎగవేసే హక్కు వేరు. జులై 1న చేసిన మార్పు ఆ తర్వాతి చెల్లింపులకు వర్తిస్తుంది. జూన్ 30న చెల్లించాల్సినదాన్ని అది వెనక్కి వెళ్లి చెరిపేస్తుందని 9వ క్లాజులో ఎక్కడా లేదు. ఆమె రెండో మెయిల్‌లో ఈ ఒక్క ముక్కే రాసింది.

విచక్షణకూ హద్దుంటుందని చెప్పే తీర్పు ఒకటి నాకు గుర్తొస్తుంటుంది. నొమురా సంస్థ లండన్‌లో తన షేర్ల ట్రేడర్ ఒకరికి బోనస్ సున్నా వేసింది. బోనస్ తమ విచక్షణ అనీ, అది వ్యక్తిగత పనితీరును బట్టి ఉంటుందనీ ఒప్పందంలో ఉంది. అతను మాత్రం ఆ ఏడాది సంస్థకు భారీగా లాభాలు తెచ్చాడు. పనితీరే కొలమానమైనప్పుడు అలాంటి మనిషికి సున్నా వేయడం ఏ సహేతుకమైన యజమానీ చేయని పని అని 2000లో అక్కడి హైకోర్టు తేల్చింది. 13.5 లక్షల పౌండ్లు ఇప్పించింది. మన కోర్టులకు అది కట్టుబాటు కాదు, కానీ ఆలోచన అర్థమవుతుంది: విచక్షణ అని రాసుకున్నంత మాత్రాన తోచినట్టు చేయడానికి వీల్లేదు.

ఆమె మొదటి లేఖలో ‘బోనస్ చట్టం ప్రకారం’ అన్న మాట కూడా ఉండేది, తీసేయించాను. 1965 బోనస్ చట్టం నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లకు సంబంధించినది. 8.33 శాతానికి తగ్గకుండా బోనస్ ఇవ్వాలన్న నియమం అక్కడిది. ఇప్పుడది వేతనాల కోడ్‌లో కలిసింది. టీమ్ లీడ్ వేరియబుల్ పే ఆ చట్టం కిందికి రాదు, అది ఒప్పందం నుంచి పుట్టిన బాకీ. వర్తించని చట్టాన్ని ఎత్తితే, వర్తించే క్లాజు బలం కూడా తగ్గుతుంది. ఒప్పందపు బాకీకి దావా వేయడానికి, అది చెల్లించాల్సిన రోజు నుంచి మూడేళ్ల గడువుంది. కాబట్టి మొదటి లేఖలోనే బెదిరించాల్సిన తొందర లేదు.

ఇదంతా ఆమె కాగితాలు అలా ఉన్నాయి కాబట్టి. మూడో వర్షన్‌లోనే నోటీసు పీరియడ్ షరతు ఉండి ఉంటే ఈ లేఖ రాయమని నేను చెప్పేవాణ్ని కాదు, న్యాయంగా అనిపించకపోయినా సరే. అప్రైజల్ లెటర్‌లో రేటింగ్ ఒక్కటే ఉండి అంకె లేకపోతే పోరాటం ఇంకా కష్టం. అప్పుడు ముందు కంపెనీ శాతం ఎంత ప్రకటించారో అడగాల్సి ఉంటుంది.

మరో మాట. భయంతో కొందరు ఆఫీసు మెయిళ్లన్నీ పర్సనల్ మెయిల్‌కు పంపేసుకుంటారు. అది గోప్యత నిబంధనను ఉల్లంఘించినట్టవుతుంది, తగాదా అటు మళ్లుతుంది. ఆమె తన అప్రైజల్ లెటర్, పే స్లిప్‌లు మాత్రమే దాచుకుంది. పాలసీ విషయంలో తేదీ, మెయిల్ విషయం, జత చేసిన ఫైలు పేరు లేఖలో రాసింది. ఆ ఫైలు కంపెనీ దగ్గర ఎలాగూ ఉంది.

ఆమె అసలు భయం డబ్బు గురించి కాదు. ‘రిలీవింగ్ లెటర్ ఆపేస్తారేమో సార్’ అని మూడుసార్లు అడిగింది. కొత్త కంపెనీలో చేరాలంటే ఆ కాగితం కావాలి. చాలామంది రెండు లక్షలు వదులుకునేది ఈ భయంతోనే. లేఖలో ఎవరి మీదా నింద లేకుండా చూసింది అందుకు కూడా. మనిషిని తప్పుపట్టే లేఖకు ఆ మనిషి అహం అడ్డొస్తుంది. క్లాజు నంబరు అడిగే లేఖ లీగల్ విభాగానికి వెళ్తుంది.

ఆగస్టు 14న రిలీవింగ్ లెటర్ చేతికొచ్చింది. ఫుల్ అండ్ ఫైనల్ కాగితంలో మాత్రం వేరియబుల్ లేదు. ‘ఇకపై ఎలాంటి బకాయిలూ లేవు’ అన్న లైను కింద సంతకం అడిగారు. ‘2024-25 వేరియబుల్ పే 2,67,300 రూపాయల విషయం మినహా’ అని రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టింది.

సెప్టెంబరు రెండో వారంలో ఖాతాలో డబ్బు పడింది, టీడీఎస్ పోగా. సవరించిన సెటిల్‌మెంట్ కాగితంలో 2,67,300కు ఎదురుగా వేరియబుల్ పే అని లేదు. ‘ఎక్స్‌గ్రేషియా’ అని రాశారు. అంటే దయతో ఇచ్చింది, బాకీ కాదు. అదే జూన్‌లో నోటీసులో ఉన్న మిగతావాళ్లు దీన్ని చూపించి అడగకుండా పెట్టిన పేరు అది. ఆమె ఆ కాగితం నాకు పంపి, దీని మీద కూడా రాయనా సార్ అని అడిగింది. మొత్తం వచ్చింది కదా, వద్దన్నాను. తన టీమ్‌లోనే నోటీసులో ఉన్న ఒకరికి మాత్రం 6.2 క్లాజు నంబరు, రెండు వర్షన్ల తేదీలు రాసి ఇచ్చానని ఆ తర్వాత ఫోన్‌లో చెప్పింది.