వార్తల్లో పదం: అమియోడరోన్

గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే మాత్ర ఇది. బరువులో మూడో వంతుకు పైగా అయోడినే. 200 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి వేసుకుంటే రోజుకు సుమారు 7 మిల్లీగ్రాముల అయోడిన్ ఒంట్లోకి విడుదలవుతుంది. మనకు కావాల్సింది 0.15 మిల్లీగ్రామే. ఒంట్లోకి చేరే ఆ 7 మిల్లీగ్రాములంటే పావుకిలో నుంచి అరకిలో దాకా అయోడిన్ ఉప్పులో ఉండేంత!

ఆ వరదకు కొందరిలో థైరాయిడ్ పని మందగిస్తుంది, కొందరిలో అతిగా పనిచేస్తుంది. చిత్తూరులో ఈ మాత్ర వాడే పెద్దాయన ఒకరున్నారనుకుందాం. నీరసం, చలి, మలబద్ధకం మొదలైతే ఇంట్లోవాళ్లు 'వయసు' అనుకుంటారు. టీఎస్‌హెచ్ బాగా పెరిగితే థైరాక్సిన్ ఇస్తారు. గుండె మాత్ర సాధారణంగా ఆపక్కర్లేదు. అదే బరువు తగ్గి, అదుపులో ఉన్న గుండెదడ మళ్లీ వస్తే అతి థైరాయిడ్‌ను అనుమానించాలి. ఇదే ఎక్కువ ప్రమాదం. మందు కొవ్వులో నిల్వ ఉంటుంది కాబట్టి ఆపినా ప్రభావం నెలల తరబడి పోదు.

అనుమానం వస్తే చూపించుకోవడానికి తిరుపతి స్విమ్స్‌లో గుండె, ఎండోక్రైనాలజీ విభాగాలు రెండూ ఉన్నాయి. మాత్ర మొదలుపెట్టే ముందు, తర్వాత ప్రతి ఆరు నెలలకూ థైరాయిడ్ పరీక్ష అడిగి చేయించుకోండి. సొంతంగా మాత్ర మాత్రం ఆపకండి.