రాత్రి పదిన్నర మీటింగ్: భారం ఎప్పుడూ ఒకవైపేనా?

కాలిఫోర్నియా బృందంతో పనిచేసే హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు ఏటా నవంబర్‌లో ఒక అనుభవం ఎదురవుతుంది. అప్పటిదాకా రాత్రి 9:30కి ఉన్న మీటింగ్ ఉన్నట్టుండి 10:30కి జరుగుతుంది. నిజానికి ఎవరూ సమయం మార్చలేదు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. మీటింగ్‌ను కాలిఫోర్నియా టైమ్‌జోన్‌లో పెట్టారు కాబట్టి అక్కడ ఉదయం 9 గంటలు అలాగే ఉంటుంది. మారేది మన రాత్రే.

చలికాలంలో రెండు చోట్ల మధ్య తేడా పదమూడున్నర గంటలు. మనం ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు పనిచేస్తే, అక్కడ అది రాత్రి 7:30 నుంచి తెల్లవారుజాము 4:30 వరకు. అంటే ఆఫీసు వేళలు ఒక్క నిమిషం కూడా కలవవు. ఎవరో ఒకరు ఇబ్బంది పడక తప్పదు. ఎప్పుడూ ఒకరే ఎందుకు పడాలన్నదే అసలు ప్రశ్న.

వారానికి మూడు మీటింగులు అనుకుందాం. 2025 నవంబర్ 2 నుంచి 2026 మార్చి 8 వరకు 18 వారాలు. సెలవులు లెక్కలోకి తీసుకోకపోతే 54 రాత్రులు. అక్కడి మేనేజర్ క్యాలెండర్‌లో మాత్రం కనిపించేది ఉదయం 9 గంటలే. ఆయనకు మన వేళ తట్టకపోవడం వెనుక చాలాసార్లు దురుద్దేశం ఉండదు.

అందుకే ఈ విషయాన్ని అందరి ముందు మీటింగ్‌లో కాకుండా, విడిగా, లెక్కతో సహా ఎత్తడం మంచిది. ‘మాకు అన్యాయం జరుగుతోంది’ అంటే ఆయన సమర్థించుకునే పనిలో పడతారు. దానికి బదులు ఇలా రాయవచ్చు: ‘నవంబర్ నుంచి మన మూడు మీటింగులూ ఇక్కడ రాత్రి 10:30కి పడతాయి. సోమవారానిది అలాగే ఉంచుదాం. బుధవారానిది మీ సాయంత్రం 6కి మారుద్దాం, మాకు గురువారం ఉదయం 7:30 అవుతుంది. మూడోదాని బదులు రాతపూర్వక నివేదిక పంపుతాం. నాలుగు వారాలు చూసి, మీకు ఇబ్బందైతే మళ్లీ మాట్లాడుకుందాం.’

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. శుక్రవారం మీటింగ్‌ను అక్కడి సాయంత్రానికి మార్చమని అడగకూడదు, మనకు శనివారం ఉదయం అవుతుంది. సాయంత్రం 6 అంటే అక్కడివారికీ పిల్లలు, వంట ఉండే వేళే. అది కుదరదంటే అక్కడి ఉదయం 7 గంటలు అడగవచ్చు, మనకు రాత్రి 8:30 అవుతుంది. అదీ కుదరకపోతే, మర్నాడు ఆలస్యంగా పని మొదలుపెట్టే వెసులుబాటునైనా మెయిల్‌లో రాయించుకోవాలి.

ఒప్పుకున్నాక ఒకటి గమనించాలి. ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఇంకా సోమవారం రాత్రే జరిగిపోతూ, గురువారం ఉదయానికి వాటిని చదివి వినిపించడమే మిగిలితే, మారింది క్యాలెండర్ మాత్రమే.