45 మాటల్లో శ్రీశైలం గేట్లు

టీవీ జర్నలిజం ప్రాక్టికల్స్‌లో విద్యార్థి చేతికి ఒక పత్రికా వార్త ఇచ్చి, అరనిమిషం యాంకర్ రీడ్ రాయమంటారు. సాధన కోసం ఇలాంటి వార్త ఒకటి అనుకుందాం. 'ఎగువన కురుస్తున్న వర్షాలతో జూరాల, తుంగభద్రల నుంచి వరద వచ్చి చేరుతుండటంతో, 885 అడుగుల పూర్తిస్థాయి నీటిమట్టానికి గాను 884.40 అడుగులకు చేరుకున్న శ్రీశైలం జలాశయం నాలుగు గేట్లను శుక్రవారం ఉదయం పది అడుగుల మేర ఎత్తి 1,11,868 క్యూసెక్కులను నాగార్జునసాగర్‌కు విడుదల చేసినట్లు అధికారులు తెలిపారు.' దీని కిందే ఇంకో పేరా ఉంది. గేట్లు ఎత్తేముందు తమకు హెచ్చరిక అందలేదని దిగువన మత్స్యకారులు ఆరోపించారు. సైరన్ మోగించామని అధికారులు చెప్పారు.

పేపర్లో ఈ వాక్యానికి వచ్చిన ఇబ్బందేమీ లేదు. అర్థం కాకపోతే కన్ను వెనక్కి వెళ్తుంది. చెవికి ఆ వీలు లేదు. 'చేరుతుండటంతో' దగ్గర మొదలైన ఊపిరి 'తెలిపారు' దాకా ఆగదు. ఈలోగా వినేవాడు జూరాలను మరిచిపోతాడు. గేట్లు ఎత్తారన్న అసలు సంగతి ఎక్కడో మధ్యలో నలిగిపోతుంది. కాబట్టి దాన్నే ముందుకు లాగాలి.

'శ్రీశైలం గేట్లు తెరుచుకున్నాయి. ఈ ఉదయం నాలుగు గేట్లను పదడుగుల మేర ఎత్తారు. జలాశయం నిండటానికి ఇక అడుగు కూడా మిగల్లేదు. ప్రాజెక్టు అధికారుల లెక్క ప్రకారం దాదాపు లక్షా పన్నెండు వేల క్యూసెక్కుల నీరు సాగర్ వైపు వెళ్తోంది. దిగువన మత్స్యకారులు మాత్రం తమకు ముందస్తు హెచ్చరిక అందలేదంటున్నారు. అధికారులు దీన్ని కాదంటున్నారు. సైరన్ మోగించాకే గేట్లు ఎత్తామన్నది వారి వివరణ.'

జూరాల, తుంగభద్ర పోయాయి. అవి రిపోర్టర్ ప్యాకేజీలో వస్తాయి. 884.40 తెర మీద గ్రాఫిక్‌లో కనిపిస్తుంది, యాంకర్ నోట అక్కర్లేదు. ప్రాంప్టర్‌లో అంకెల్ని అక్షరాల్లోనే కొట్టాలి. 1,11,868 అని ఉంటే ఎంత అనుభవమున్న యాంకరైనా లైవ్‌లో ఒక్క క్షణం తడుముకోవాల్సిందే. ఇక 'శుక్రవారం' బదులు 'ఈ ఉదయం' అన్నాం. ఇదే కాపీ మర్నాటి పొద్దుటి బులెటిన్‌లోకి మార్చకుండా వెళ్తే అబద్ధమవుతుంది. డెస్కుల్లో తరచూ దొర్లే పొరపాటు ఇది.

ఈ వార్తలో ఎక్కువ ఆలోచించాల్సింది మాత్రం ఎవరు చెప్పారన్న దాని గురించే. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది. 'అని ఆరోపించారు' కూడా దాంతోపాటే చివరికి జారిపోతుంది. 'హెచ్చరిక లేకుండానే గేట్లు ఎత్తేశారని మత్స్యకారులు ఆరోపించారు' అని చదివితే, మొదటి మూడు సెకన్లూ ఛానలే ఆ నింద వేస్తున్నట్లు వినిపిస్తుంది. అందుకే మాట కన్నా ముందు మనిషిని చెప్పాలి. అలాగని ప్రతి వాక్యానికీ 'అధికారులు చెప్పారు' తగిలించనక్కర్లేదు. గేట్లు లేచిన సంగతి విజువల్స్‌లోనే కనిపిస్తోంది. క్యూసెక్కుల్ని మనం కొలవలేదు, కాబట్టి ఆ లెక్క ఎవరిదో చెప్పాలి. అన్నట్టు, 'తెలుస్తోంది', 'సమాచారం' అని ముగిస్తే ఆధారం చెప్పినట్టు కాదు. అది లేదని ఒప్పుకోవడమే.

ఇప్పుడు టైమింగ్. సెకనుకు మూడు మాటలన్నది ఇంగ్లిష్ వార్తల లెక్క. తెలుగులో మాటకు మాట, ప్రత్యయం అతుక్కుని పొడవవుతాయి. అందుకే సెకనుకు రెండు మాటలు వేసుకోవడం క్షేమం. పై కాపీలో 45 మాటలున్నాయి. తీరిగ్గా చదివితే 23 నుంచి 25 సెకన్లు పడుతుంది. అరనిమిషంలో మిగిలిన కాస్తా ఊపిరికీ, విజువల్ మారడానికీ సరిపోతుంది. ఈ లెక్క అంచనాకే. స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదివితేనే అసలు సంగతి తేలుతుంది. మనసులో చదివిన టైము ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

అసలు పరీక్ష, ముందు వార్త సాగిపోయి 'పదిహేను సెకన్లకు కుదించు' అని ప్రొడ్యూసర్ అన్నప్పుడు వస్తుంది. కంగారులో అందరూ కింది వాక్యం నుంచి కోస్తారు. ఇక్కడ చివరి రెండు వాక్యాలు కోస్తే ఆరోపణ మిగిలి, జవాబు ఎగిరిపోతుంది. అది అన్యాయం. ఆరోపణ, వివరణ ఉంటే రెండూ ఉండాలి, పోతే రెండూ పోవాలి. రెండూ తీసేస్తే మొదటి నాలుగు వాక్యాల్లో 29 మాటలు మిగులుతాయి, సరిగ్గా పదిహేను సెకన్లు. మత్స్యకారుల గొడవే ఆ రోజు పెద్ద వార్త అయితే మటుకు లెక్క తిరగబడుతుంది. అప్పుడు జలాశయం మట్టం, క్యూసెక్కుల వాక్యాలు తీసేసి మొదటి రెండు, చివరి మూడు ఉంచాలి. అవి 26 మాటలు. నీటి లెక్క స్క్రోలింగ్‌లోకి పోతుంది.